ఛందస్సు దిగిపోయాక మిగిలేది

పోతన పద్యాలను చాలాకాలం తరగతిలో పాఠంగా చెప్పాను. ఉద్యోగం వదిలాక అవే పద్యాలను ఇంగ్లీషు గద్యంలో రాస్తూ వచ్చాను. పరాయి దేశాల్లో పుట్టి పెరుగుతున్న మన పిల్లలు ఇంట్లో తెలుగు వింటారు, అర్థం చేసుకుంటారు, పద్యం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. వాళ్లకోసం మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు ఆ పనిని నీలాంటి వాళ్లు అందుకుంటున్నారని తెలిసి, నేను నేర్చుకున్న నాలుగు మాటలు రాస్తున్నాను. ఉదాహరణలన్నీ గజేంద్రమోక్షం నుంచే తీసుకుంటాను. అది నీకూ నోటికి వచ్చే ఉంటుంది కనుక పద్యాలను ఇక్కడ మళ్లీ రాయను.

1. ఇంగ్లీషుకన్నా ముందు పద్యాన్ని విడగొట్టేది మన తాత్పర్యమే.

ఏనుగు మొర వైకుంఠానికి చేరే మత్తేభాన్ని ఒకసారి మనసులో చదువుకో. ముందు వైకుంఠపురం కనిపిస్తుంది. తర్వాత అందులోని నగరు, ఆ నగరులో ప్రధాన సౌధం, సౌధం పక్కన మందారవనం. వనం లోపల అమృత సరస్సు, సరస్సు ఒడ్డున చంద్రకాంత శిల, దాని మీద కలువల పాన్పు. ఆ పాన్పు మీద లక్ష్మితో వినోదిస్తూ స్వామి. ఇంత దూరం లోపలికి నడిపించాక గాని కర్త ఎవరో కవి చెప్పడు. చెప్పిన వెంటనే బయటినుంచి ఏనుగు కేక వినబడుతుంది. ఇన్ని గడపలు దాటి లోపల ఉన్నవాడికి ఆ కేక చేరిందన్నదే పద్యంలోని అద్భుతం.

తరగతిలో మనం ఏం చేస్తాం? ప్రతిపదార్థం చెప్పి, అన్వయం కుదిర్చి, తాత్పర్యం రాయిస్తాం. అన్వయంలో కర్త ముందుకొస్తాడు. ఆపన్నులను కాపాడే విష్ణువు వైకుంఠంలో ఫలానా చోట ఉండి ఏనుగు మొర విన్నాడు అని వాక్యం సర్దుకుంటుంది. అర్థం చెడదు, కానీ నడక పోతుంది. స్వామి మొదటి మాటలోనే కనిపించాక ఇక లోపలికి నడవాల్సిన అవసరం ఎవరికి? నేను చాలాకాలం ఇంగ్లీషులోకి మార్చింది పద్యాన్ని కాదు, నేను రాయించిన ఈ తాత్పర్యాన్నే. పోయినదంతా ఛందస్సుతో పాటు పోయిందనుకుని, పరభాష కదా, ఇంతే అని సరిపెట్టుకున్నాను. ఆ ఏళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నిజానికి ఈ పద్యానికి ఇంగ్లీషు వాక్యం అడ్డు చెప్పదు. చోటును చెప్పే మాటలను వరసగా ముందు పెట్టి, కర్తను చివరికి తీసుకురావడం ఆ భాషలోనూ కుదురుతుంది. అక్కడ వైకుంఠంలో, నగరులో, సౌధం పక్కన, మందారాల మధ్య, సరస్సు ఒడ్డున అంటూ ఒక్కో మెట్టూ దిగి, ఆ తర్వాత స్వామిని చూపించవచ్చు. ఇంకో విషయం గమనించు. ఈ పద్యంలో సమాపక క్రియ లేదు. తొందరపడినవాడై అన్న దగ్గర వాక్యం ఆగకుండానే పద్యం ముగుస్తుంది. గద్యంలో అక్కడ పూర్ణవిరామం పెట్టి, లేచాడు అనో పరుగెత్తాడు అనో ఒక క్రియ చేరిస్తే పోతన పట్టి ఉంచిన ఊపిరిని మనం వదిలేసినట్టే. వాక్యాన్ని అసంపూర్తిగానే ఉంచి తర్వాతి పేరాలోకి పోనివ్వాలి. ఇంగ్లీషు సంపాదకులు దాన్ని తప్పని దిద్దబోతారు, ఒప్పుకోవద్దు.

2. తెలుగు యతి ఆగే చోటు కాదు, అతికే చోటు.

సంస్కృత ఛందస్సులో యతి అంటే విరామం. తెలుగులో అలా కాదు. పాదం మొదటి అక్షరానికి, నియమించిన స్థానంలోని అక్షరానికి మధ్య ఉండవలసిన మైత్రి అది. దాన్నే వడి అంటాం. ఇంగ్లీషులో రాసేవాళ్లు రెంటికీ ఒకే పేరు పెట్టి, తెలుగు పద్యం కూడా యతి దగ్గర ఆగుతుందనుకుంటారు. ఆగదు. తేటగీతిలో నేనే అల్లిన ఒక పాదం చూడు:

వాన వెలిసిన వేళలో వాగు దాటి

వాన సూర్యగణం, వెలిసిన, వేళలో రెండూ ఇంద్రగణాలు, వాగు, దాటి మళ్లీ సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం వడి స్థానం. అక్కడ వాగులోని వా, పాదం మొదట్లోని వానను అందుకుంది. చదివేటప్పుడు ఎవరూ అక్కడ ఆగరు. కానీ చెవికి వాన, వాగు రెండూ ఒక ముడిలో పడతాయి. కారణం, ఫలితం పక్కపక్కన లేకపోయినా ధ్వని వాటిని కలిపింది. వాన తగ్గాక ఏరు దాటి అని గద్యంలో రాస్తే అర్థమంతా వచ్చింది, ముడి మాత్రం ఊడింది.

యతే కాదు, పాదాంతం కూడా తెలుగులో ఆగే చోటు కానక్కరలేదు. ఇందాకటి మత్తేభంలో మొదటి మూడు పాదాలూ మాట మధ్యలోనే విరుగుతాయి. సగం మాట పై పాదంలో, మిగతా సగం కింది పాదంలో. ప్రాసాక్షరమైన లకారం సరిగ్గా ఆ విరిగిన మాటల రెండో సగంలోనే కూర్చుంటుంది. అంటే కన్ను పాదాలుగా చూస్తున్నా చెవికి పద్యం ఒకే ధారగా వినబడుతుంది. ఇలాంటి పద్యాన్ని ఇంగ్లీషులో నాలుగు వరుసలు చేసి, ప్రతి వరుస చివరా వాక్యం ఆపితే అది మూలం కాదు. ఒక్క ముక్కగా సాగిపోయే గద్యమే ఇక్కడ మూలానికి దగ్గర. గద్యం రాస్తున్నానని నువ్వు చిన్నబుచ్చుకోనక్కరలేని చోటు ఇది.

3. గణాలకు అర్థం లేదు, వాటి మీద కూర్చున్న మాటకు ఉంది.

ఏనుగు కథకు ఏనుగు పేరున్న మత్తేభమే తగిందని సభల్లో తరచుగా వింటాం. వినడానికి బాగుంటుంది గానీ నిలవదు. తన బలమంతా ఉడిగిపోయిందనీ, ధైర్యం సడలిందనీ అదే ఏనుగు చెప్పుకునే పద్యం శార్దూల విక్రీడితం. పులి ఆటలాడే వృత్తంలో ఇంత దైన్యం ఎలా పలికింది? వృత్తాల పేర్లతో భావాలను ముడిపెట్టి పాఠాలు చెప్పిన రోజులు నాకూ ఉన్నాయి. అనువాదానికి కూర్చున్నాక ఆ పేర్లవల్ల నాకు ఒరిగింది ఏమీ లేదు.

పనికొచ్చేది వేరే. మత్తేభం పాదంలో ఇరవై అక్షరాలు. పదో అక్షరం నుంచి పన్నెండు దాకా వరసగా మూడు లఘువులు. ఆ వెంటనే పదమూడు నుంచి పదిహేను దాకా మూడు గురువులు. యతి స్థానం పద్నాలుగో అక్షరం, అంటే ఆ మూడు గురువుల నడుమ. ఇది ప్రతి మత్తేభంలోనూ ఉండేదే, ఎవరి గొప్పతనమూ కాదు. ఆ చోట ఏ మాట కూర్చుందో చూడు. మన పద్యం నాలుగో పాదంలో కాపాడమని రెండుసార్లు అరిచిన కేక అక్కడికి కాస్త ముందు గురువు, లఘువు, గురువు, లఘువుగా తూగుతుంది. అనగా అన్న మాట లఘువుల మీద జారిపోతుంది. ఆ మొర విన్నాడు అన్న మాట మాత్రం మూడు గురువుల మీద బరువుగా దిగుతుంది. కేక పాదాన్ని కదిలిస్తుంది, వినడం దాన్ని నిలబెడుతుంది.

గద్యంలో గురులఘువులు రావు. కానీ ఏ మాట మీద బరువు పడిందో తెలిసినవాడు వాక్యంలో దానికి తగిన చోటు ఇవ్వగలడు. కేకకు పొట్టి మాటలు, వినడానికి వాక్యం చివర ఒక నిండు క్రియ. గణవిభజన చేయకుండా ఈ సంగతి అర్థంలో దొరకదు. అందుకే గద్యంలోకి మార్చబోయే పద్యానికైనా ముందు కాగితం మీద గురులఘువులు గుర్తించమని చెబుతాను. విద్యార్థులు దీన్ని పరీక్షల పని అనుకుంటారు. అనువాదకుడికి ఇది మూలాన్ని వినే పని.

4. వడి కోసం పెట్టిన మాట అని ఏ పేరునూ తొందరపడి కొట్టేయకు.

మన కవులు విష్ణువును వంద పేర్లతో పిలుస్తారు. వాటిలో చాలా పేర్లు గణం కుదరడానికో, యతిప్రాసలు నిలవడానికో వచ్చినవే. ఇంగ్లీషు పాఠకుడికి అవన్నీ ఇస్తే పాత్రలు పెరిగాయనుకుంటాడు. అందుకే అన్నిచోట్లా విష్ణువు అని ఒకే పేరు రాయడం అనువాదాల్లో మామూలైంది. చాలా చోట్ల అది సబబే.

అయితే ఒక పరీక్ష ఉంది. ఆ పేరు యతి స్థానంలో గాని ప్రాస స్థానంలో గాని ఉందా అని మొదట చూడు. లేకపోతే కవి కోరి పెట్టినదే అనుకో. ఉంటే, ఆ పేరులోని అర్థం ముందు వెనకల జరిగే పనిని తాకుతోందా అని అడుగు. మన మత్తేభం మూడో పాదంలో ఆపదలో ఉన్నవారి మీద దయగలవాడు అన్న పేరు సరిగ్గా యతి స్థానం మీదే పడింది. మొదటి పరీక్షను బట్టి చూస్తే తీసేయదగినదే. కానీ ఆ పేరు తర్వాత పాదం మారుతుండగానే, ఆపదలో ఉన్న ఏనుగు వస్తుంది. లక్ష్మితో వినోదిస్తున్నవాడు అన్న వర్ణనకీ, ఏనుగు కేకకీ నడుమ ఈ పేరు తలుపులా నిలిచింది. దాన్ని తీసేస్తే వినోదంలో ఉన్నవాడు ఎందుకు లేచాడో కథకు కారణమే ఉండదు. ఛందస్సు అడిగిందీ, కథ అడిగిందీ ఒకే మాట కావడం పెద్ద కవుల దగ్గర తరచుగా కనిపిస్తుంది. చిన్న కవుల దగ్గర ఛందస్సు ఒక్కటే అడుగుతుంది. వాళ్ల పద్యాన్ని గద్యం చేస్తే సగం మాటలు రాలిపోతాయి, అర్థం మాత్రం చెక్కుచెదరదు.

5. కవి మళ్లీ అన్న మాటను నువ్వూ మళ్లీ అనాలి.

దేవుడు ఉన్నాడా అని ఏనుగు అనుమానపడే కందం చిన్నదే గానీ గజేంద్రమోక్షంలోకెల్లా లోతైనది. దీనుల దగ్గర ఉన్నాడంటారు, యోగుల దగ్గర ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు, ఉన్నాడు ఉన్నాడని చెప్పేవాడు ఉన్నాడో లేడో అని దాని సారాంశం. ఒకే క్రియ మళ్లీ మళ్లీ వస్తుంది. ఇంగ్లీషు గద్యంలో ఒకే మాట పదే పదే వస్తే అందవికారమని భయపడి, మొదట్లో నేను ఒకచోట నివసిస్తాడని, ఒకచోట నిండి ఉంటాడని, ఇంకోచోట కనిపిస్తాడని మార్చి మార్చి రాశాను. ఎంతో కష్టపడి చేసిన ఆ పని పద్యాన్ని చంపింది. ఆ ఏనుగు విన్నది ఒకే మాట. అందరూ చెప్పిన అదే మాటను అది చివరికి ప్రశ్నగా తిప్పింది. మాట మారితే ప్రశ్న ఎక్కడినుంచి పుడుతుంది?

కందం కొలత ఇక్కడ చేసిన సాయం కూడా తెలుసుకో. రెండో, నాలుగో పాదాల్లో మొదటి గణం తొలి అక్షరానికీ నాలుగో గణం తొలి అక్షరానికీ యతి కుదరాలి. ఈ పద్యం నాలుగో పాదం ఉన్నాడు అన్న మాటతో మొదలవుతుంది. యతి స్థానంలో మళ్లీ అదే మాట, కానీ ఈసారి ఓకారం చేరి సందేహమైంది. నమ్మకమూ అనుమానమూ ఒకే అక్షరం దగ్గర ఒకదాన్నొకటి తాకాయి. కందంలో రెండో, నాలుగో పాదాలు గురువుతో ముగియాలి గనుక చివరి మాట రెండు దీర్ఘాల మీద సాగి ఆగుతుంది. జవాబు రాని ప్రశ్నకు అంతటి ముగింపు గద్యంలో ఇవ్వలేం. కానీ పునరుక్తి ఛందస్సు సొత్తు కాదు. అది ఏ భాషకైనా, ఏ గద్యానికైనా చెక్కుచెదరకుండా వెళ్తుంది. ఉంచితే చాలు. వాక్యాన్ని సరిగ్గా ఆ లేడో అన్న అర్థం మీదే ముగించి, తర్వాత ఒక్క మాటా చేర్చకు.

6. వేగాన్ని విశేషణాలతో చెప్పలేం.

లక్ష్మికి చెప్పడు, శంఖచక్రాలు చేతబట్టడు, పరివారాన్ని పిలవడు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయించడు, చెదిరిన జుట్టు సర్దుకోడు, చేతిలో ఉన్న లక్ష్మి పైటకొంగైనా వదలడు. తర్వాతి మత్తేభంలో ఈ ఆరు వ్యతిరేక క్రియలే స్వామి పరుగు. సంస్కృత భాగవతంలో విష్ణువు గరుడ వాహనం మీదే వస్తాడు. ఆ వాహనాన్ని కూడా పిలవనివ్వకుండా పోతన అతణ్ణి లేవదీశాడు. పరుగెత్తాడు అన్న మాట ఒక్కటీ లేకుండా పరుగు కనిపించడం ఇందులోని విద్య.

తెలుగులో వ్యతిరేక క్రియ ఒక్క మాట. కర్త, కాదనడం రెండూ అందులోనే ఇమిడిపోతాయి. ఇంగ్లీషుకు ప్రతిసారీ మూడు మాటలు కావాలి. అందుకని చాలామంది చెప్పకుండా, పిలవకుండా, సర్దుకోకుండా అని అన్నిటినీ ఒక పెద్ద వాక్యంలో గుదిగుచ్చి చివర్లో హడావిడిగా బయల్దేరాడు అని ముగిస్తారు. అప్పుడు ఆరు పనులూ ఒక పనికి అనుబంధాలైపోతాయి, పరుగు కాస్తా నివేదిక అవుతుంది. ఆరు చిన్న వాక్యాలుగా విడగొట్టి, ప్రతిదాన్నీ కాదు అన్న మాటతోనే కొట్టి చూడు. మూలంలో చివరి రెండు క్రియల ముందు సమాసాలు పొడుగవుతాయి. అంటే పైటకొంగు దగ్గరికి వచ్చేసరికి చూపు కాస్త నిదానిస్తుంది. నువ్వూ చివరి వాక్యాలను కొంచెం సాగనివ్వు. ఇది గద్యంలో సాధ్యమే. అతివేగంగా, మహా ఆత్రంగా వంటి మాటలు చేర్చాలనిపిస్తే, వాక్యాల నిడివి తప్పిందని గుర్తుపట్టు.

7. ప్రాసను ప్రాసతో తీర్చకు.

మన ప్రాస పాదం రెండో అక్షరంలో, వాళ్ల ప్రాస పాదం చివర. సి.పి. బ్రౌన్ 1827లోనే తెలుగు, సంస్కృత ఛందస్సులను ఇంగ్లీషులో వివరిస్తూ పుస్తకం వేశాడు గనుక ఆ తేడా తెలియనిది కాదు. అయినా పద్యానికి పద్యమే ఇవ్వాలన్న పట్టుదలతో చివర ప్రాసలు కూర్చినవాళ్లు ఎందరో. రెండో అక్షరం ప్రాస పాదాన్ని ఎత్తుకునే తీరు, చివరి ప్రాస పాదాన్ని మూసేసే తీరు. ఒకదాని స్థానంలో రెండోది పెడితే పద్యం నడక తలకిందులవుతుంది. పైగా ఆ ప్రాస కోసం మూలంలో లేని మాటలు చేరతాయి. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్ 2002లో తెచ్చిన ప్రాచీన తెలుగు కవిత్వ సంకలనంలో అంత్యప్రాసలు వదిలేసి విడి పాదాల్లో చేశారు. నాకు గద్యం నచ్చింది, వాళ్లకు ఆ దారి. ఇద్దరమూ వదిలింది మాత్రం ఒకటే.

8. గద్యం అర్థాన్ని మోస్తుంది, పద్యం తనను తాను మోసుకుంటుంది.

అనువాదంలో పూర్తిగా పోయేదేమిటని అడిగితే సంగీతమని అందరూ అంటారు. నేను జ్ఞాపకం అంటాను. చదువు రాని పెద్దలు గజేంద్రమోక్షం మొదటినుంచి చివరిదాకా చెప్పగా విన్నాను. మధ్యలో ఒక మాట తడబడితే పాదం మొదటి అక్షరం వడి దగ్గర ఏ ధ్వని రావాలో చెబుతుంది. కింది పాదం ఎత్తుకోలేకపోతే ప్రాసాక్షరం అందిస్తుంది. మాట పూర్తిగా జారిపోతే గణం లోటు చెవికి తెలుస్తుంది. తాళపత్రాలు దిద్దిన పండితులు చేసిందీ ఇదే. లేఖకుడు ఒక అక్షరం వదిలేసినా, మార్చినా గణభంగమో యతిభంగమో పట్టిస్తుంది. అక్కడ ఏ అక్షరం ఉండి ఉంటుందో ఛందస్సే చాలావరకు సూచిస్తుంది. గద్యంలో ఒక వాక్యం పోతే పోయిందని చెప్పేవారుండరు.

నా ఇంగ్లీషు పేరాను ఏ పిల్లవాడూ కంఠస్థం చేయలేదు, చేయడు కూడా. ఇది తెలిసొచ్చాక నేను పుట వేసే పద్ధతి మార్చాను. ముందు మూల పద్యం తెలుగు లిపిలో, యతి స్థానాల కింద గీతతో, ప్రాసాక్షరం చుట్టూ సున్నతో. దాని కింద అవే అక్షరాలు ఇంగ్లీషు లిపిలో, దీర్ఘాలు గుర్తించి. ఆ తర్వాతే గద్యం. లిపి రాని పిల్ల గుర్తులను పట్టుకుని పద్యం ముందు పైకి చదువుతుంది, అర్థం తర్వాత చూస్తుంది. నువ్వు చేసేటప్పుడు పద్యం ఎవరైనా రాగం లేకుండా, గురులఘువులు తెలిసేలా మామూలు గొంతుతో చదివిన ధ్వనిని కూడా జోడించు. రాగం తీసి పాడితే లఘువులు సాగి గురువులైపోతాయి, పిల్లల చెవికి కొలత చిక్కదు.